ముప్ఫై సంస్థల పట్టిక: ఉద్యోగాలు లేవా, మన దాకా రావడం లేదా?

(సైన్సు డిగ్రీలు చదివి ఉద్యోగాలు వెతుక్కుంటున్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం చూడడానికి చాలా చిన్నది. ఒకే పరిశ్రమలో ముప్ఫై సంస్థల్ని ఎంచుకుని, వాటి కెరీర్స్ పేజీల్ని ఒక క్రమం ప్రకారం చూస్తూ పోవడం ఎలా అన్నది. దీనికి సమాజశాస్త్రం చదివినామె ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా పరిశోధన స్త్రీలు ఉద్యోగాల్లోకి ఎలా వస్తారు, ఎందుకు బయటికి వెళ్ళిపోతారు అన్నదాని మీద. ఆ ప్రశ్నకీ ఈ పట్టికకీ దగ్గర సంబంధం ఉంది. మీలో ఎక్కువమంది బి.ఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్ళు కాబట్టి హైదరాబాదు చుట్టూ ఉన్న మందుల పరిశ్రమని, అందులోనూ నాణ్యతా పరీక్షలు చేసే క్యూసీ విభాగాన్ని ఉదాహరణగా తీసుకుంటాను.

ఉద్యోగం వెతుక్కునే స్త్రీ ఇంట్లో తరచుగా వినే మాట ఒకటుంది. "ఇప్పుడు ఉద్యోగాలెక్కడున్నాయి?" అని. కొన్నాళ్ళకి ఆమె కూడా ఆ మాటే అనడం మొదలుపెడుతుంది. కానీ ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. నిజంగానే ఖాళీలు లేకపోవడం ఒకటి. ఖాళీలున్నా ఆమె దాకా కబురు రాకపోవడం రెండోది. కబురు వచ్చి, ఆమె దరఖాస్తు పెట్టినా ఆమెని తీసుకోకపోవడం మూడోది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. ఏది జరుగుతోందో తెలియాలంటే చేతిలో లెక్క ఉండాలి. ముప్ఫై సంస్థల పట్టిక ఆ లెక్కని ఇస్తుంది. ఉద్యోగం రావడం దాని మొదటి ప్రయోజనం, లెక్క తేలడం రెండోది.

ఖాళీల కబుర్లు ఎలా ప్రయాణిస్తాయన్న దాని మీద సమాజశాస్త్రంలో బాగా పేరున్న పుస్తకం ఒకటుంది. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ 1974లో ప్రచురించిన "గెటింగ్ ఎ జాబ్". బోస్టన్ దగ్గరి న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగస్తుల్ని అడిగితే, సగానికి పైగా తమకి ఉద్యోగం తెలిసినవాళ్ళ ద్వారానే దొరికిందన్నారు. అదీ దగ్గరి బంధువుల ద్వారా కంటే, ఎప్పుడో ఒకసారి కనిపించే పాత సహోద్యోగుల్లాంటి వాళ్ళ ద్వారానే ఎక్కువగా దొరికింది. ఈ ఫలితాన్ని అందరూ చెప్తారు. అందులో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళేనన్న సంగతి మాత్రం అంతగా చెప్పరు. మన దగ్గర కూడా ఫ్యాక్టరీ బస్సులోనో, షిఫ్టు అయ్యాక టీ బడ్డీ దగ్గరో "ఫలానా చోట క్యూసీలో ఇద్దరు కావాలట" అన్న మాట నడుస్తూంటుంది. నాలుగేళ్ళు పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉన్నామెకి ఆ బస్సూ లేదు, ఆ టీ బడ్డీ ఎప్పుడూ లేదు. కెరీర్స్ పేజీ ఆ లోటుని పూర్తిగా తీర్చదు. కానీ పరిచయాలు అక్కరలేకుండా ఎవరైనా తెరిచి చూడగల తలుపు అది. రోజూ ఎవరో ఒకరు చెప్పే కబురుకి బదులు మనమే వెళ్ళి చూడాలి, అంతే తేడా.

ఇక పట్టిక ఎలా తయారుచేయాలో చూద్దాం.

నాకు తెలిసిన ఒకామె చేసిన పద్ధతే చెప్తాను. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ, క్యూసీలో అయిదేళ్ళ అనుభవం, తర్వాత నాలుగేళ్ళ విరామం. కూకట్‌పల్లిలో ఉంటుంది. ముందు గుర్తొచ్చిన పేర్లన్నీ రాసింది. డాక్టర్ రెడ్డీస్, అరబిందో, హెటిరో, నాట్కో, గ్రాన్యూల్స్, గ్లాండ్ లాంటివి పది పదిహేను అందరికీ నోటికొస్తాయి. కష్టమంతా ఆ తర్వాతే. మందులు తయారుచేసే కంపెనీల్లోనే క్యూసీ వాళ్ళు ఉంటారని అనుకోకూడదు. టీకాలు చేసే భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉన్నాయి. ఇతర కంపెనీల కోసం పరిశోధనలూ పరీక్షలూ చేసిపెట్టే అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్, విమ్టా ల్యాబ్స్ లాంటివి ఉన్నాయి. ఇలా కొత్త పేర్లు వెతకడానికి ఆమెకి దొరికిన మంచి దారి తన పాత సహోద్యోగులే. వాళ్ళు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో లింక్డ్‌ఇన్‌లో చూస్తే తను ఎప్పుడూ వినని ల్యాబులు పది తేలాయి.

మొత్తం నలభై ఆరు పేర్లు వచ్చాయి. అందులో క్యూసీ పని పరవాడలోనో, మరో దూరపు ఊళ్ళోనో తప్ప హైదరాబాదు చుట్టూ లేనివి తొమ్మిది. ఇక్కడ అమ్మకాల ఆఫీసు మాత్రమే ఉండి ల్యాబు లేనివి ఏడు. అవి తీసేస్తే ముప్ఫై మిగిలాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కంపెనీల పేర్లు మారుతూంటాయి. జీవీకే బయో 2021లో అరాజెన్ అయింది. మైలాన్ 2020లో మరో సంస్థతో కలిసి వయాట్రిస్ అయింది. పాత పేరుతో వెతికితే పాత పేజీయే కనిపించి, అక్కడ ఏమీ లేవనుకుని వచ్చేస్తాం.

ముప్ఫై ఎందుకు, వంద ఎందుకు కాదు అని అడుగుతారు. ఇది ఓపిక లెక్క. ఒక్కో పేజీ తెరిచి, వెతికి, చూసింది రాసుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. వంద పేజీలైతే ఒక్క విడతకి అయిదు గంటలు. అది రెండు వారాలు సాగుతుంది, మూడో వారం ఆగిపోతుంది. పది మాత్రమే పెట్టుకుంటే నెలల తరబడి ఏమీ కనిపించక నిరుత్సాహం వస్తుంది. ఒకే పరిశ్రమ అని ఎందుకంటున్నానంటే, ముప్ఫై ప్రకటనలు చదివేసరికి వాళ్ళు ఏ పదాలు వాడతారో, ఏ యంత్రం మీద అనుభవం అడుగుతారో మనకి తెలిసిపోతుంది. ఆమె మొదటి రెండు వారాల్లో గమనించింది ఇది: దాదాపు ప్రతి క్యూసీ ప్రకటనలోనూ హెచ్‌పీఎల్‌సీ, దాంతో వాడే ఎంపవర్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఆ రెండూ ఆమెకి వచ్చు, కానీ బయోడేటాలో రెండో పేజీ అడుగున ఎక్కడో ఉన్నాయి. వాటిని పైకి తెచ్చింది.

ముప్ఫైనీ ఒకే వరుసలో పెట్టకూడదు. మూడు పదులుగా విడగొట్టాలి. దేన్ని బట్టి? మొదటిది ప్రయాణం. ఆమెకి బాచుపల్లి, జీడిమెట్ల దగ్గర. పాశమైలారం, జీనోమ్ వ్యాలీ దూరం. అయితే కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిస్తే దూరం లెక్క మారిపోతుంది కాబట్టి ప్రతి పేరు పక్కనా అదీ రాసుకోవాలి. రెండోది, ఆ సంస్థలో స్త్రీలు ఎంతమంది నిలుస్తున్నారన్నది. ఇది కనుక్కోవడానికి మనకి ఇప్పుడొక పత్రం ఉంది. స్టాకు మార్కెట్లో నమోదైన కంపెనీల్లో విలువని బట్టి మొదటి వెయ్యింటికి, 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి సెబీ ఒక నివేదికని తప్పనిసరి చేసింది. దాన్ని బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు. సాధారణంగా వార్షిక నివేదికలోనే ఉంటుంది, ఎవరైనా చదవచ్చు.

అందులో మూడు చోట్ల చూస్తే చాలు. ఉద్యోగుల్లోనూ కార్మికుల్లోనూ ఆడ మగ ఎంతమంది, పర్మనెంటు ఎంతమంది, కానివాళ్ళు ఎంతమంది అన్న పట్టిక ఒకటి. ఆడవాళ్ళ మధ్యస్థ జీతం, మగవాళ్ళ మధ్యస్థ జీతం ఇంకొకటి. ప్రసూతి సెలవు తీసుకున్నవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళెంతమంది, వచ్చాక నిలిచినవాళ్ళెంతమంది అన్నది మూడోది. ఈ చివరి అంకె దగ్గర జాగ్రత్తగా ఉండాలి. నూటికి నూరు శాతం అని కనిపిస్తే మురిసిపోకూడదు, మొత్తం సెలవు తీసుకున్నది ఇద్దరే అయి ఉండవచ్చు. కాబట్టి దాన్ని మొదటి పట్టికలోని స్త్రీల సంఖ్యతో కలిపి చదవాలి. పైగా ఈ అంకెలు కంపెనీ మొత్తానివి, మనం వెళ్ళబోయే ఒక్క ప్లాంటువి కావు. హెటిరో, ఎమ్మెస్సెన్ లాంటి మార్కెట్లో నమోదు కాని సంస్థలకి ఈ నివేదిక ఇవ్వాల్సిన అవసరమే లేదు. అలాంటి చోట పాత సహోద్యోగినుల్ని అడిగి తెలుసుకోవడమే దారి.

అలా మొదటి పది, రెండో పది, మూడో పది తేలాక క్రమం పెట్టుకోవాలి. ఆమె పెట్టుకున్నది ఇది. మొదటి పదిని సోమవారం, గురువారం చూస్తుంది. రెండో పదిని మంగళవారం. మూడో పదిని రెండు వారాలకోసారి శుక్రవారం. సగటున వారానికి ముప్ఫై అయిదు సార్లు పేజీలు తెరిచినట్టు. మూడేసి నిమిషాల చొప్పున నూట అయిదు నిమిషాలు. పిల్లాడు బడికెళ్ళాక పదిన్నరకి కూర్చునేది. "తీరిక దొరికినప్పుడు చూస్తాను" అనుకున్న స్త్రీకి తీరిక ఏ ఇంట్లోనూ దొరకదు, అందుకని వారమూ వేళా ముందే రాసిపెట్టుకోవాలి.

చూసిన ప్రతిసారీ నోటుపుస్తకంలో ఒక వరుస రాయాలి. సంస్థ, చూసిన తేదీ, ఉద్యోగం పేరు, దాని నంబరు, ఏ ప్లాంటు, మొదట ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు మాయమైంది, నేనేం చేశాను. ఏమీ కనిపించకపోతే "ఏమీ లేదు" అని కూడా రాయాలి. చాలామంది ఇదే వదిలేస్తారు. కానీ ఖాళీలు నిజంగా లేవా అన్న మన మొదటి ప్రశ్నకి జవాబు ఆ "ఏమీ లేదు" వరుసల్లోనే ఉంటుంది.

పేజీలన్నీ ఒక్క తీరున ఉండవు. కొన్ని పెద్ద సంస్థలు వర్క్‌డే, సక్సెస్‌ఫ్యాక్టర్స్ లాంటి సాఫ్ట్‌వేర్ల మీద నడుపుతాయి. అక్కడ ప్రతి ఉద్యోగానికీ నంబరు ఉంటుంది, చాలా చోట్ల ప్రకటన పెట్టిన తేదీ కూడా తెలుస్తుంది. కొన్నింటిలో ఖాళీల జాబితా, ఒక ఈమెయిల్ చిరునామా ఉంటాయి. ఇంకొన్నింటిలో బయోడేటా పంపండి అన్న పెట్టె తప్ప ఖాళీల ఊసే ఉండదు. ఈ మూడో రకంతో కాలం వృథా అవుతుంది. దాన్ని పసిగట్టడానికి నాలుగు వారాలు చాలు. ఆ నాలుగు వారాల్లో పేజీలో ఏ మార్పూ లేదు, కానీ అదే కంపెనీ వాకిన్ ఇంటర్వ్యూల ప్రకటన పేపర్లోనో లింక్డ్‌ఇన్‌లోనో వచ్చిందంటే, ఆ పేజీ చచ్చిన పేజీ అని అర్థం. ఆమె ముప్ఫైలో ఆరు ఇలాంటివి తేలాయి. వాటిని తీసేసి, వాటి వాకిన్ కబుర్లకి వేరే కాగితం పెట్టుకుంది. పాత సహోద్యోగుల దగ్గర తెలిసిన మరో ఆరు చిన్న ల్యాబులని వాటి చోట చేర్చింది.

వెతికేటప్పుడు ఉద్యోగం పేరుతో వెతకవద్దు. ఒకే పని ఒక చోట జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఇంకో చోట ఆఫీసర్, మరో చోట అనలిస్ట్. విభాగం పేరుతో వెతకాలి. అదీ రెండు రకాలుగా, QC అనీ, Quality Control అనీ విడివిడిగా కొట్టి చూడాలి. సైటు మనకి తనే ఈమెయిల్ పంపే సౌకర్యం ఉన్నా, అది మనం ఇచ్చిన మాటకే పలుకుతుంది కాబట్టి పేజీ చూడడం మానకూడదు.

ఇక కనిపించే ప్రకటనలన్నీ నిజమైన ఖాళీలు కావు. ఒకే నంబరుతో రెండు మూడు నెలలు కదలకుండా ఉన్నది చాలాసార్లు బయోడేటాలు పోగుచేసుకోవడానికి పెట్టింది అయి ఉంటుంది. దరఖాస్తు ఒకసారి పెట్టి ఊరుకోవాలి. అలా కాకుండా అదే ప్లాంటులో, అవే మాటలతో, ప్రతిసారీ కొత్త నంబరుతో ప్రకటన వస్తోందంటే అక్కడ ఖాళీ నిజమే, కానీ వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారేమోనని అనుమానించాలి. అదీ మంచి సమాచారమే. ఇంటర్వ్యూలో "ఈ స్థానంలో ఇంతకుముందు పనిచేసినవాళ్ళు ఎందుకు మానేశారు" అని అడగవచ్చు. తేదీలు రాసుకోని మనిషికి ఈ తేడా తెలిసే వీలే లేదు. ఒక హెచ్చరిక కూడా. పెద్ద కంపెనీల పేరుతో ఉత్తుత్తి ఆఫర్లు పంపి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కంపెనీ సొంత సైటులోంచి కెరీర్స్ పేజీకి వెళ్ళి, అదే ఉద్యోగం అదే నంబరుతో ఉందేమో చూసుకోవాలి. డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి.

పన్నెండు వారాల తర్వాత ఆమె పుస్తకంలో తనకి సరిపోయే ప్రకటనలు ఇరవై మూడు ఉన్నాయి. కదలకుండా ఉన్నవి అయిదు తీసేస్తే పద్ధెనిమిది. పదిహేనింటికి దరఖాస్తు పెట్టింది. నాలుగు ఫోన్లు వచ్చాయి. అందులో మూడు, ప్రకటన కనిపించిన మూడు రోజుల లోపు దరఖాస్తు పెట్టిన వాటి నుంచే. ఒకామె అనుభవంతో సూత్రాలు చెప్పకూడదు గానీ, మొదటి పదిని వారానికి రెండుసార్లు చూడడం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. చివరికి ఒక పరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. జీతం విరామానికి ముందున్న దాని కంటే కాస్త తక్కువే.

ఆ నాలుగు ఫోన్లలో ఒకదాని గురించి చెప్పాలి. ప్రకటనలో షిఫ్టులుంటాయని ఉంది తప్ప మగవాళ్ళే కావాలని లేదు. ఫోనులో మాత్రం "నైట్ షిఫ్టు మేడమ్, లేడీస్‌ని తీసుకోవడం లేదు, రూల్స్ ఒప్పుకోవు" అన్నారు. ఒకప్పుడు ఆ మాటకి ఆధారం ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం అరవై ఆరో సెక్షన్ రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఫ్యాక్టరీలో స్త్రీల పనిని నిషేధించింది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తిభద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉంది. దాని నలభై మూడో సెక్షన్ ప్రకారం స్త్రీ సమ్మతితో, భద్రతా షరతులకి లోబడి రాత్రి పని చేయవచ్చు. అదే రోజు అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ మూడో సెక్షన్, ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు లింగ వివక్ష చూపకూడదంటుంది. సమ్మతి అన్నది స్త్రీ ఇవ్వాల్సింది. ఆమెని అడగకుండానే ఆమె తరఫున వద్దనే హక్కు యాజమాన్యానికి లేదు.

ఆమె ఏం చేసిందంటే, ఆ ఉద్యోగం నంబరు, ప్రకటన తేదీ, ఫోను వచ్చిన తేదీ, చెప్పిన మాట రాసి, తను రాత్రి షిఫ్టుకి సిద్ధమేనని చెబుతూ హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్ పంపింది. పేజీని కనిపించిన రోజే ఫోటో తీసి పెట్టుకుంది కాబట్టి అదీ జతచేసింది. వారం తర్వాత ఇంటర్వ్యూకి పిలిచారు. ఉద్యోగం ఇవ్వలేదు. ఆ ఇంటర్వ్యూతో న్యాయం జరిగిపోయిందని నేను అనను. కానీ "ఎవరో ఏదో అన్నారు" అన్న మాటకి బదులు తేదీలతో కూడిన కాగితం ఉంది. ఇదే పట్టికని ముగ్గురు స్త్రీలు పంచుకుని తలా పది పేజీలు చూస్తే, ఒక్కొక్కరి శ్రమ మూడో వంతవుతుంది. అదే సంస్థ ముగ్గురికీ అదే జవాబు చెబితే అది ఒక మనిషి దురదృష్టం కాదని కూడా తెలుస్తుంది.

మూడు నెలలయ్యాక పుస్తకం తీసి మొదట వేసుకున్న ప్రశ్నకి జవాబు చూసుకోండి. ముప్ఫై చోట్లా "ఏమీ లేదు" వరుసలే ఎక్కువగా ఉంటే నిజంగానే ఖాళీలు లేవు. క్యూసీ పక్కనున్న క్వాలిటీ అష్యూరెన్స్ వైపో, పరీక్షా పద్ధతుల్ని తయారుచేసే ఏఆర్‌డీ విభాగం వైపో పట్టికని మార్చుకోవాలి. ఖాళీలు ఉండి మనకి ఆలస్యంగా కనిపిస్తుంటే క్రమం మార్చుకోవాలి. సకాలంలో దరఖాస్తులు పెట్టినా ఫోన్లు రాకపోతే బయోడేటాని ఆ విభాగంలో పనిచేసే మనిషి చేత చదివించాలి. ఫోన్లు వచ్చి అక్కడే ఆగిపోతుంటే, అప్పుడు వాళ్ళు అడుగుతున్న ప్రశ్నల్ని మాట మాటగా రాసిపెట్టండి. భర్త ఎక్కడ పనిచేస్తాడు, పిల్లాణ్ణి ఎవరు చూస్తారు అని ఎన్నిసార్లు అడిగారో లెక్కవేయండి. ఆ లెక్క ఒక్కొక్కరి దగ్గర దాచుకోవలసింది కాదు, వచ్చే సమావేశానికి తీసుకురండి. అందరివీ పక్కపక్కన పెట్టి చూద్దాం.